ఎనిమిదిన్నరకి మెయిన్ గేటు దగ్గర

మా ఇంట్లోకి ఏ కాయితం వచ్చినా దాని నాలుగు మూలలకూ పసుపు పడాల్సిందే. పొలం పట్టా అయినా, పెళ్లి పత్రిక అయినా, ఫ్రిజ్జుతో వచ్చిన గ్యారంటీ కార్డు అయినా మా అత్త గోవిందమ్మాళ్ వేలు ముంచి నాలుగు బొట్లు పెడుతుంది. ఒకసారి కరెంటు బిల్లుకు కూడా పెట్టింది. కళ్లద్దాలు లేక పెళ్లి పత్రిక అనుకున్నానని తర్వాత చెప్పింది గానీ, ఆ నెల బిల్లు తక్కువే వచ్చిందని కూడా గుర్తు చేసింది.

కాబట్టి మా అమ్మాయికి కోయంబత్తూరు పంపుల కంపెనీ నుంచి ఇంటర్న్‌షిప్ ఆఫర్ లెటర్ వచ్చినప్పుడు ఏం జరగబోతోందో నేను ముందే ఊహించి ఉండాల్సింది.

మా అమ్మాయి పేరు అఖిలాండం. కాలేజీలో అఖిల అంటారు. అది మా అత్తకు అత్తగారి పేరు. మా అత్తే పట్టుబట్టి పెట్టించింది. భక్తితో పెట్టించిందని బంధువులంటారు. బతికున్నప్పుడు ఆమెను ఒక్క మాట అనలేకపోయింది కాబట్టి ఇప్పుడు పేరు పెట్టి తిట్టుకోవడానికని నేననుకుంటాను. అఖిల ఎలక్ట్రికల్ ఇంజనీరింగ్ మూడో సంవత్సరం పరీక్షలు రాసి ఇంట్లో ఉంది. తరగతిలో పదకొండు మంది ఆ కంపెనీకి అప్లై చేస్తే ఇద్దరికే వచ్చింది. మూడో అమ్మాయిని వెయిటింగ్‌లో పెట్టారు. ఆ మూడో అమ్మాయి రోజుకు రెండుసార్లు ఫోన్ చేసి, "పోతున్నావు కదా?" అని మా అఖిలను ప్రేమగా అడిగేది.

మెయిల్ మంగళవారం వచ్చింది. అఖిల దాన్ని వంటింట్లో నిలబడి నాకు చదివి వినిపించింది. రెండు నెలల ఇంటర్న్‌షిప్. జూన్ ఒకటి, సోమవారం చేరాలి. పొద్దున ఎనిమిదిన్నరకి మెయిన్ గేటు దగ్గర సెక్యూరిటీలో రిపోర్టు చెయ్యాలి. ఒప్పుకుంటున్నట్టు సంతకం చేసిన లెటర్, కాలేజీ ఇచ్చే ఎన్వోసీ, ఆధార్ కాపీ, బ్యాంకు పాస్‌బుక్ మొదటి పేజీ స్కాన్ చేసి శుక్రవారం సాయంత్రం ఐదు లోపల మెయిల్‌లో పంపాలి. ఒరిజినల్సూ రెండు ఫోటోలూ చేరే రోజు తేవాలి. ఐదు దాటితే ఆ సీటు వెయిటింగ్‌లో ఉన్నవాళ్లకు పోతుంది. కింద సెల్వి, హెచ్చార్ అని ఉంది.

లెటర్ రెండో పేజీ అడుగున మూడు ఖాళీలున్నాయి. ఎడమ మూల చేరే తేదీ చేత్తో రాయాలి. మధ్యలో విద్యార్థి సంతకం. కుడి మూల తల్లి లేక తండ్రి సంతకం. ఆ చివరి ఖాళీని చూడగానే మేమిద్దరం, "నాయన రానీ" అనుకున్నాం. అక్కడ తల్లి అనే మాట కూడా ఉందని ఇద్దరం చదివాం. ఎవరికీ అది నేనని తోచలేదు.

బుధవారం, గురువారం కాలేజీ చుట్టూ తిరిగి ఎన్వోసీ తెచ్చింది. అందులో జూన్ ఒకటి నుంచి జూలై ముప్పై ఒకటి దాకా అని హెచ్‌ఓడీ సంతకం, ముద్ర ఉన్నాయి. ఆయన శుక్రవారం నుంచి పది రోజులు సెలవు. అంటే ఆ తేదీ ఇక ఎవరు చెప్పినా కదలదు. వచ్చే దారిలో బస్టాండు పక్కన పొన్‌రాజ్ జెరాక్స్ కడలో, అదే కొట్టులో, ఆఫర్ లెటర్ ప్రింటు తీసుకుంది. వాళ్ల నాన్న ఎరువుల కొట్టు దగ్గర ఆగి, అక్కడి జెల్ పెన్నుతో తేదీ రాసి తన సంతకం చేసింది. మా ఆయన విజయరాఘవ సంతోషంలో అదే పెన్ను తీసుకుని, అమ్మను అడగకుండా సంతకం పెట్టేశాడు. పెళ్లయిన ఇరవై రెండేళ్లలో ఆయన అమ్మను అడగకుండా చేసిన పనులు నాకు తెలిసి రెండే. రెండోది ఇది. మొదటిది ఒక గొడుగు కొనడం.

సాయంత్రం ఇంటికొచ్చాక విషయం మా అత్తకు చెప్పాల్సి వచ్చింది. అఖిల లెటర్ మొత్తం చదువుతుంటే ఆమె అన్నీ శ్రద్ధగా విన్నది. కంపెనీ ఏం తయారు చేస్తుంది, హాస్టల్లో పప్పు పలచగా ఉంటుందా, అన్నీ అడిగింది. ఎనిమిదిన్నర అన్న మాట రాగానే లేచి గోడ మీది క్యాలెండర్ దగ్గరికి పోయింది.

"సోమవారం ఏడున్నర నించి తొమ్మిది దాకా రాహుకాలం. ఆ వేళలో పోయి గేటు ముందర నిలబడమని ఎవరు చెప్పినారు?"

"హెచ్చార్ మేడం చెప్పినారు అవ్వా."

"ఆమె ఇంట్లో క్యాలెండర్ లేదా?"

తొమ్మిదింపావుకు వస్తానని మెయిల్ రాయమంది. లేదంటే బుధవారం చేరతానని రాయమంది. అఖిల ఎన్వోసీ చూపించింది, తేదీ చూపించింది, పంపులు తయారు చేసే కంపెనీకి రాహుకాలం సంగతి రాస్తే తనను పంపులో వేసి తోసేస్తారని చెప్పింది. మా అత్త అన్నీ విని, లెటర్ ఇలా ఇవ్వమని చెయ్యి చాపింది.

"అమ్మ ముందర పెడతాను. పొద్దునకి ఏదైనా గుర్తు చూపిస్తే ఎనిమిదిన్నరకే పోనీ. చూపించకుంటే టైము మార్చమని రాయాల."

పూజ గదిలో ఉన్న మారియమ్మ పటం ముందు లెటర్ పెట్టింది. పెట్టే ముందు నాలుగు మూలలకూ పసుపు పూసింది. ఆ రోజు పసుపు బాగా తడిగా, ధారాళంగా కలిపింది. మనవరాలి విషయం కదా.

నేను మా ఆయన వైపు చూశాను. ఆయన టీవీ వైపు చూశాడు. టీవీ అప్పటికి ఇంకా పెట్టలేదు.

శుక్రవారం పొద్దున ఐదున్నర బస్సుకే ఆయన తిరునల్వేలిలో డీలర్ల మీటింగు అని వెళ్లిపోయాడు. వారం కిందట ఆ మీటింగుకు పోనవసరం లేదని ఆయనే అన్నాడు. ఏడు గంటలకు మా అత్త స్నానానికి పోగానే అఖిల పూజ గదిలోకి దూరి, ఫోన్లో ఉన్న స్కానింగ్ యాప్‌తో రెండు పేజీలూ గబగబా తీసి, మిగతా కాయితాలతో కలిపి మెయిల్ పంపేసింది. లెటర్ మళ్లీ ఎక్కడిదక్కడ పెట్టేసింది. నన్ను చూసి నోటి మీద వేలు పెట్టుకుంది. నేను కాఫీ వడకట్టుకుంటున్నాను. నాకేమీ కనిపించలేదు.

మా అత్త స్నానం చేసి వచ్చి పటం ముందు చాలాసేపు కూర్చుంది. గుర్తేమీ కనిపించినట్టు లేదు. పువ్వు రాలలేదు, బల్లి పలకలేదు. "ఇంకొంచెం సేపు చూద్దాం" అంది.

పదకొండున్నరకి సెల్వి మేడం జవాబు వచ్చింది. చాలా మర్యాదగా ఉంది. ఎన్వోసీ, ఆధార్, పాస్‌బుక్ అందాయట. సంతకం చేసిన లెటర్‌లో మాత్రం కింది మూలలు రెండూ నల్లగా వచ్చాయి, చేరే తేదీ గానీ తల్లిదండ్రుల సంతకం గానీ కనబడడం లేదు, స్పష్టమైన కాపీ సాయంత్రం ఐదు లోపల మళ్లీ పంపండి, చేరే తేదీ, రిపోర్టు చేసే సమయం మెయిల్‌లో కూడా రాసి ఖరారు చెయ్యండి అని ఉంది. అఖిల తను పంపినదాన్ని తెరిచి చూసింది. యాప్ అంతా నలుపు తెలుపు చేసి పెట్టింది. మా అత్త పసుపు నాలుగు మూలల్లో నాలుగు దోసె పెనాల్లాగా కూర్చుంది.

"కలర్‌లో తీయి" అన్నాను.

ఇద్దరం పూజ గదిలోకి పోయి లెటర్ చూశాం. రంగుతో వచ్చిన సమస్య కాదని తెలిసింది. తడి పసుపులో జెల్ పెన్ను సిరా కరిగిపోయింది. 'జూన్' అన్న చోట నీలం మచ్చ ఉంది. మా ఆయన సంతకం ఉన్నచోట వాన నీళ్లలో వానపాము పోయినట్టు ఒక గీత ఉంది. ఇరవై రెండేళ్లకొకసారి ధైర్యం చేస్తే అదీ నిలవలేదు పాపం.

ఆయనకు ఫోన్ చేశాం. స్విచ్చాఫ్. అఖిల కళ్లలో నీళ్లు తిరిగాయి. అప్పుడే ఆ మూడో అమ్మాయి దగ్గర నుంచి, "అన్నీ పంపించేసినావా?" అని మెసేజ్ వచ్చింది. అఖిల ఫోన్ బోర్లా పెట్టింది. ఉన్నట్టుండి ఆ రెండో పేజీ పట్టుకుని పెరట్లోకి పోయింది.

నేను వెనకాలే పోయేసరికి బట్టలుతికే రాయి మీద కాయితం పరిచి, తడి గుడ్డకు బట్టల సబ్బు రుద్ది, పసుపు తుడుస్తోంది. మెల్లగా, పసిపిల్లకు మొహం కడిగినట్టు.

నేను బీఎస్సీ కెమిస్ట్రీ. ఆపమని చెప్పి ఉండాల్సింది. చెప్పేలోగా అయిపోయింది. సబ్బు తగిలిన చోటల్లా పసుపు ఎర్రబడడం మొదలెట్టింది. ఒక మూల, తర్వాత రెండో మూల. చూస్తుండగానే నాలుగు మూలలూ నుదుటి కుంకుమలా ఎర్రగా మెరిశాయి. అఖిల గుడ్డ వదిలేసి చేతులు వెనక్కి పెట్టుకుంది. ఎలక్ట్రికల్ వాళ్లకు ఇవి చెప్పరనుకుంటాను.

సరిగ్గా అప్పుడే పెరటి తలుపు తెరుచుకుంది. మా అత్త మిరపకాయలు ఎండబెట్టడానికి చేటతో వచ్చింది. చేట కింద పెట్టింది. కాయితం చూసింది. అఖిలను చూసింది. నన్ను చూసింది. సబ్బు అప్పటికి నా కొంగు కిందికి ఎలా వచ్చిందో నేనిప్పుడు చెప్పలేను.

"ఇదేంది ఇట్లా ఉండాది?"

అఖిల నోరు తెరిచింది. నేను దానికన్నా ముందే మాట్లాడాను. అబద్ధం ఒక్కటి కూడా ఆడలేదు.

"పసుపు పెట్టినారు కదత్తా. ఎర్రగా అయినాది."

మా అత్త వంగి కాయితాన్ని రెండు చేతులా తీసుకుంది. ఎండలో పెట్టి చూసింది. దగ్గరగా పెట్టుకుని వాసన కూడా చూసింది. ఆ సబ్బుది నిమ్మకాయ వాసన, నేను కొంగు బిగించి పట్టుకున్నాను. ఆమె కళ్లు మూసుకుని కాయితాన్ని కళ్లకద్దుకుంది.

"అమ్మ కుంకుమ పెట్టినాది. సరి, ఎనిమిదిన్నరకే పోనీ."

అయినా గండం సగమే గడిచింది. ఆ కాయితం ఇప్పుడు దేవుడికి తప్ప ఎవరికీ అర్థం కాదు. నేను మెల్లగా చెప్పాను, సిరా కరిగిపోయింది, కంపెనీవాళ్లు స్పష్టంగా ఉన్నది అడుగుతున్నారు, కొత్త ప్రింటు తీసి మళ్లీ సంతకాలు చెయ్యాలి, ఆయనేమో రాత్రికి గానీ రాడు అని. పంపేసిన మెయిల్ సంగతి ఎత్తలేదు.

మా అత్త కాయితాన్ని మడిచి రొంటిన దోపుకుంది. "అమ్మ సంతకం పెట్టినది అమ్మ దగ్గరే ఉండనీ. కంపెనీకి వేరేది పంపించండి. వాడు లేకుంటే ఏమి? అందులో తల్లి అని కూడా రాసి ఉండాదని ఈ పిల్ల నిన్న చదివినాది కదా. నువ్వు బీఎస్సీ చదివినావు. నీకు సంతకం పెట్టను రాదా?"

ఈ ఇంట్లో నా సంతకం గ్యాస్ సిలిండర్ రసీదు మీద తప్ప ఎక్కడా పడలేదు. ఆ సంగతి ఆమె ఇన్నాళ్లూ గమనించి ఉంటుందని నాకు తెలియదు.

అప్పటికి ఒంటిగంట. స్కూటీ మీద ఇద్దరం పొన్‌రాజ్ కడకు పోయాం. అతను షట్టర్ సగం దించి భోంచేస్తున్నాడు. కంపెనీ, ఐదు గంటలు, వెయిటింగ్‌లో ఉన్న అమ్మాయి అని అఖిల ఒక్క గుక్కలో చెప్పింది. అతను పెరుగన్నం పక్కన పెట్టి, చెయ్యి కడుక్కుని ప్రింటు తీశాడు. నిన్నటి లెటరే కదా, ఏమైందని అడిగాడు. అవ్వ పసుపు పెట్టిందని చెప్పాను. అతనికి ఆశ్చర్యం కలగలేదు. జూన్ నెల వస్తే పసుపు కాయితాలు వారానికి నాలుగైనా వస్తాయట. స్కాన్ చేశాకే పూజలో పెట్టండక్కా, లోకం మొత్తానికీ చెప్తున్నాను, ఒక్కరూ వినరు అన్నాడు.

జెల్ పెన్ను పక్కన పెట్టి బాల్ పెన్ను అడిగి తీసుకున్నాం. అఖిల ఎడమ మూల జూన్ ఒకటి అని తేదీ రాసి, మధ్యలో సంతకం చేసింది. కుడి మూల నేను వి. పరమేశ్వరి అని రాశాను. 'తండ్రి' అన్న మాట కొట్టేసి 'తల్లి' అన్నదాన్ని ఉంచాను. సంతకం కొంచెం వంకరగా వచ్చింది. పొన్‌రాజ్ దాన్ని ఫోన్లో కాకుండా పెద్ద మెషిన్‌లో పెట్టి స్కాన్ చేశాడు. మూలలు నాలుగూ తెల్లగా వచ్చాయి.

మెయిల్ రాయడం మొదలెడితే అఖిల మొదటి పేరాలోనే ఈ అవకాశం తన చిన్ననాటి కల అని రాసింది. చిన్నప్పుడు అది బస్ కండక్టర్ కావాలనుకునేది. నేను ఆ పేరా తీసేయించాను. చివరికి మిగిలింది ఇంతే: ఫలానా తేదీ నాటి మీ ఆఫర్‌ను ఒప్పుకుంటున్నాను. జూన్ ఒకటి, సోమవారం చేరతాను. పొద్దున ఎనిమిదిన్నరకి మెయిన్ గేటు దగ్గర రిపోర్టు చేస్తాను. స్పష్టమైన లెటర్ జతచేశాను, మిగతావి అందినట్టు మీరే చెప్పారు. ఒరిజినల్సూ రెండు ఫోటోలూ సంతకం చేసిన ఈ లెటరూ తెస్తాను. గేటు దగ్గర ఎవరిని అడగాలి, వర్క్‌షాపులోకి రావడానికి బూట్లు కావాలా, దయచేసి తెలియజేయండి.

పంపించేసరికి రెండూ పది. జవాబు మూడున్నరకి వచ్చింది. ఆ గంటా ఇరవై నిమిషాల్లో అఖిల ఫోన్‌ను ఎన్నిసార్లు చూసిందో లెక్కపెట్టలేదు. లెటర్ అందింది, చేరే తేదీ ఖరారైంది, సెక్యూరిటీలో హెచ్చార్ అని చెప్తే గేట్ పాస్ రాస్తారు, వరసలో కొంచెం ఆలస్యమవుతుంది కాబట్టి ముందే రండి, మూసిన బూట్లు తప్పనిసరి అని ఉంది. చివర ఒక వాక్యం ఎక్కువుంది. చేరిక ఫారం మీద సంతకాలు ఎలాగూ తొమ్మిదింపావు తర్వాతే తీసుకుంటాం అని.

అఖిల ఆ వాక్యాన్ని అవ్వకు రెండుసార్లు చదివి వినిపించింది.

"చూసినావా," అంది మా అత్త, "ఆమె ఇంట్లో క్యాలెండర్ ఉండాది."

రాత్రి మా ఆయన తిరునల్వేలి హల్వాతో వచ్చాడు. ఏమైందని అడిగాడు. అంతా అయిపోయిందని చెప్పాం. తన సంతకం ఏమైందని అడగలేదు. హల్వా మాత్రం అందరికంటే ఎక్కువ తనే తిన్నాడు.

ఆదివారం పొద్దున తండ్రీ కూతుళ్లు కోయంబత్తూరు బస్సెక్కారు. ఒరిజినల్స్ ఉన్న ఫోల్డరు అఖిల ఒళ్లో ఉంది. వాకిట్లోకి వచ్చి మా అత్త దాని చెవిలో ఏదో చెప్పింది. ఏం చెప్పిందో సోమవారం తెలిసింది. పొద్దున ఏడూ ఇరవైకి అఖిల ఒక ఫోటో పంపింది. హాస్టల్ గేటు బయట, భుజాన సంచి, కాళ్లకు కొత్త బూట్లు. రాహుకాలం పట్టకముందే గడప దాటి బయట కాఫీ తాగుతూ కూర్చో, బయలుదేరిన వేళే లెక్క అని అవ్వ చెప్పిందట. అంటే అదొక దారి ఉందని ఆమెకు గురువారం నుంచీ తెలుసు. అప్పుడే చెప్పి ఉంటే మాకు సబ్బు ఖర్చు మిగిలేది.

ఎనిమిదీ పదికి మెయిన్ గేటు దగ్గర మొదట నిలబడింది మా అమ్మాయే. తొమ్మిదీ ఇరవై ఐదుకు మెసేజ్ వచ్చింది. ఒరిజినల్స్ చూశారు, ఫారం మీద సంతకం అయింది, మెడలో వేసుకునే కార్డు ఇచ్చారు అని. నేను పెరట్లోకి పోయి మా అత్తకు చదివి వినిపించాను.

ఆమె ఉతికే రాయి పక్కన పీట వేసుకుని కూర్చుని ఉంది. ముందు బకెట్లో తన పాత చీర నానుతోంది. కొస నిండా పసుపు మరకలు.

"మంచిది" అంది. చీర కొస నా వైపు తోసింది. "దీన్ని ఉతుకు. యాభై ఏండ్లుగా పసుపు పట్టిన చీరలు ఉతుకుతున్నాను. ఆ నిమ్మకాయ సబ్బు నాకు నచ్చలేదు, మరీ ఎక్కువ ఎరుపు వస్తాది."

నేను తలెత్తలేదు. సబ్బు తీసుకుని రుద్దాను. కొస ఎర్రబడింది. ఎండలో పెట్టిన మిరపకాయల చేటను తన వైపు లాక్కుని, మా అత్త తొడిమలు తుంచుకుంటూ కూర్చుంది.